కిటికీ మీది గోడను మోస్తున్నదెవరు?

ఇటుక గోడ మధ్యలో రెండడుగుల కన్నం పెడితే పైనున్న గోడంతా ఒక్కసారిగా కూలిపోదు. కన్నం నెత్తిన నాలుగైదు ఇటుకలు రాలతాయి. అవి రాలిన చోట గోపురం ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ పైన గోడ అలాగే నిలబడి ఉంటుంది. పాత ఇళ్లు పడగొట్టే కూలీలకు ఇదేమీ వింత కాదు. కిటికీల మీద, గుమ్మాల మీద వేసే లింటెల్ నిజంగా ఎంత మోస్తుందో, ఎప్పుడు మోయలేక వంగుతుందో తెలియాలంటే ఆ గోపురం దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

మేస్త్రీ గోడ కట్టేటప్పుడు కింది వరుసలోని రెండు ఇటుకల అతుకు మీద పై వరుస ఇటుక నడుము వచ్చేలా పెడతాడు. అంటే ప్రతి ఇటుకా తన బరువును కింద ఉన్న రెండింటికీ చెరి సగం ఇస్తుంది. ఈ పంపకం వరుస వరుసకీ జరుగుతుంది కాబట్టి పైనుంచి వచ్చే బరువుకు నేరుగా కిందికే దిగాలన్న నిర్బంధం లేదు. దారిలో కిటికీ ఎదురైతే మెట్లు దిగినట్టు పక్కలకు జరిగి, కిటికీకి అటూ ఇటూ ఉన్న గోడలోకి దిగిపోతుంది. పాతకాలపు మేస్త్రీలు గుమ్మాల మీద ఇటుకలతో కట్టిన కమాను చేసేది ఇదే పని. మామూలు గోడలో కమాను కంటికి కనపడదు, అంతే తేడా.

ఆ కనపడని కమాను కింద కొంత గోడ మిగిలిపోతుంది. దానికి పక్కలకు పోయే దారి లేదు. లింటెల్ మీద కూర్చునేది ఆ ముక్క మాత్రమే. దాని ఆకారం దాదాపు త్రిభుజం. లెక్క కోసం ఇంజనీర్లు త్రిభుజం వాలును 45 డిగ్రీలని గానీ, ఇంకా జాగ్రత్తగా 60 డిగ్రీలని గానీ అనుకుంటారు.

మన ఊళ్లలో ఇప్పటికీ బాగా కనిపించే ఇంటినే తీసుకుందాం. పిల్లర్లు లేవు, 9 అంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు. గది వెడల్పు 12 అడుగులు, స్లాబు 10 అడుగుల ఎత్తులో ఉంది. లింటెల్ అడుగు భాగం 7 అడుగుల ఎత్తున, దాని మందం అరడుగు. కాబట్టి లింటెల్ మీద, స్లాబు కింద మిగిలిన గోడ రెండున్నర అడుగులు. కిటికీ వెడల్పు 4 అడుగులు. 45 డిగ్రీల వాలుతో గీస్తే త్రిభుజం ఎత్తు 2 అడుగులు, వైశాల్యం 4 చదరపుటడుగులు. ముప్పావు అడుగు మందంతో గుణిస్తే 3 ఘనపుటడుగుల ఇటుక పని. ఘనపుటడుగు సుమారు 55 కిలోలు తూగుతుంది. అంటే ఈ లింటెల్ తన సొంత బరువు కాక మోసేది 165 కిలోలు. ఇద్దరు మనుషుల బరువుకు కాస్త ఎక్కువ. కిందా పైనా రెండేసి కడ్డీలు పెట్టి పోసిన అరడుగు కాంక్రీటుకు అదొక లెక్కలోది కాదు. అందుకే మేస్త్రీలు కళ్లు మూసుకుని వేసే లింటెళ్లు కూడా ఏళ్ల తరబడి నిలబడుతున్నాయి.

కానీ ఈ సౌకర్యానికి రెండు షరతులున్నాయి. ఒకటి, త్రిభుజం మొన పైన కూడా కొంత గోడ ఉండాలి. కమాను ఏర్పడేది ఆ గోడలోనే. త్రిభుజం ఎత్తులో కనీసం పావు వంతు అదనంగా ఉండాలని లెక్క. మన కిటికీకి 2 అడుగుల త్రిభుజం, దాని మీద అరడుగు గోడ, సరిగ్గా సరిపోయింది. రెండోది, కమాను కాళ్లు పక్కలకు తన్నుతాయి కాబట్టి ఆ తోపును తట్టుకునే గోడ అటూ ఇటూ ఉండాలి. ఓపెనింగ్ వెడల్పులో సగమైనా ప్రతి పక్కా ఉండాలి. ఇంటి మూలను ఆనుకుని కిటికీ పెట్టించుకునేవాళ్లు ఈ రెండో షరతును తెలియకుండానే కొట్టేస్తారు.

ఇప్పుడు ఆ ఇంటివాళ్లు వీధి వైపు గదిని దుకాణం చేద్దామనుకున్నారు. కిటికీ పీకేసి, గోడ కొట్టి, 8 అడుగుల షట్టర్ పెడతారు. కిటికీ రెట్టింపయింది, బరువూ రెట్టింపవుతుంది అనుకుంటాం. 8 అడుగులకు 45 డిగ్రీల త్రిభుజం ఎత్తు 4 అడుగులు. పైన ఉన్న గోడ రెండున్నర అడుగులే. అంటే కమాను కట్టుకోవడానికి గోడే లేదు. త్రిభుజం స్లాబును దాటి పోతోంది. ఇక గోడ మొత్తం, దాని మీద స్లాబు మొత్తం లింటెల్ మీద పడతాయని లెక్క వేయాల్సిందే. స్లాబు, దాని పై పూత, మీద తిరిగే మనుషులు, సామాను కలిపి చదరపుటడుగుకు సుమారు 55 కిలోలు. గదిలో సగం, అంటే 6 అడుగుల మేర ఈ గోడ మీద వాలుతుంది. 8 అడుగుల పొడవున 2,640 కిలోలు. గోడ మరో 825. మొత్తం దాదాపు మూడున్నర టన్నులు. మేడ మీద ఇంకో అంతస్తుంటే ఆ గోడా, ఆ స్లాబూ కూడా వచ్చి కలుస్తాయి.

165 కిలోలు ఎక్కడ, మూడున్నర టన్నులెక్కడ! పైగా దూరం పెరిగిన కొద్దీ అదే బరువు లింటెల్‌ను ఎక్కువ వంచుతుంది. రెండూ కలిపితే ఈ 8 అడుగుల దాన్ని వంచే బలం, 4 అడుగుల దాన్ని వంచే బలానికి ముప్పై రెట్ల పైనే. ఇది ఇక లింటెల్ కాదు, బీము. దాని లోతు, కడ్డీల సైజు, రింగుల దూరం అన్నీ లెక్క కట్టి వేయాలి. పాత లింటెల్‌కే రెండు పక్కలా ముక్కలు అతికిద్దామనే ఆలోచన ప్రాణాల మీదికి తెస్తుంది.

వంగడమంటే లింటెల్ లోపల ఏం జరుగుతుందో కూడా చూడాలి. మధ్యలో కిందికి జారబోతున్నప్పుడు దాని పై భాగం నొక్కుకుంటుంది, అడుగు భాగం సాగుతుంది. నొక్కుడును కాంక్రీటు బాగా ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోలేదు. రాయీ అంతే. రాతి మండపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉండటానికి ఇదొక కారణం, రాతి దూలాన్ని ఎక్కువ దూరం పరిస్తే అడుగున పగిలిపోతుంది. కర్ర దూలం సాగుడును తట్టుకుంటుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ బరువు కింద నెమ్మదిగా వంగుతూనే ఉంటుంది. పాత పెంకుటిళ్లలో గుమ్మం నెత్తిన కనిపించే వంపు చాలావరకు అలా వచ్చిందే. కాంక్రీటు లింటెల్లో సాగే వైపున, అంటే అడుగున, ఇనుము పెడతారు. ఆ ఇనుముకు కింద ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా కాంక్రీటు కప్పు ఉండాలి. పలకల మీద నేరుగా కడ్డీలు పరిచేసి పోస్తే, చెక్క తీసినప్పుడు కడ్డీ అంచు బయటికే కనిపిస్తుంది. పదేళ్లలో తుప్పు మొదలవుతుంది.

ఇక లింటెల్ చివరలు. లింటెల్ మీదికి వచ్చిన బరువంతా చివరికి దిగేది గోడ మీద ఆనిన ఆ రెండు ముక్కల మీదనే. ప్రతి పక్కా కనీసం 6 అంగుళాలు గోడలోకి వెళ్లాలి, పెద్ద ఓపెనింగులకు ఇంకా ఎక్కువ. 3 అంగుళాలే ఆనితే అక్కడి ఇటుకల మీద ఒత్తిడి రెట్టింపు. అప్పుడు లింటెల్ బాగానే ఉంటుంది, దాని కింది ఇటుకలు నలుగుతాయి. లింటెల్ చివర నుంచి కిందికి ఏటవాలుగా దిగే పగులు కనిపిస్తే అనుమానించాల్సింది ఇదే.

సన్‌షేడ్ విషయానికి వస్తే లెక్క తలకిందులవుతుంది. లింటెల్ గోడను మోస్తుంది, సన్‌షేడ్‌ను మాత్రం గోడ మోయాలి. మోయడమంటే కింద నుంచి కాదు, పైనుంచి తొక్కి పట్టడం. రెండడుగులు బయటికి చాచిన సన్‌షేడ్ తన బరువుతో ముందుకు వాలబోతుంది, దానికి అతుక్కున్న లింటెల్‌ను మెలిపెట్టి తనతోపాటు తిప్పబోతుంది. పిల్లలాడే ఊగుడుబల్ల లాంటిదే ఇది. గోడ బయటి అంచు దాని ఇరుసు. బయటి వైపు రెండడుగులు, లోపలి వైపు ముప్పావు అడుగు. పొట్టి వైపు కూర్చున్నవాడు చాలా బరువుండాలి.

అదే 4 అడుగుల కిటికీ మీద, లింటెల్ పొడవంతా అంటే 5 అడుగుల సన్‌షేడ్ అనుకుందాం. చాపు 2 అడుగులు, సగటు మందం 3 అంగుళాలు. దాని బరువు సుమారు 175 కిలోలు, ఆ బరువు ఇరుసుకు ఒక అడుగు దూరంలో పనిచేస్తుంది. బరువును దూరంతో గుణిస్తే 175. రంగులు వేయడానికి ఇద్దరు చివరి అంచున నిలబడితే 150 కిలోలు, 2 అడుగుల దూరం, అంటే మరో 300. మొత్తం 475 పడదోసే వైపు.

నిలబెట్టే వైపు ఏముంది? ఒట్టి లింటెల్ ఒక్కటే ఉన్నప్పుడు 133 కిలోలు. దాని నడుము ఇరుసుకు నాలుగున్నర అంగుళాల దూరం. గుణిస్తే 50. సన్‌షేడ్ సొంత బరువుకే 175 కావాలి కదా! అందుకే పైన గోడ కట్టకముందే కింది చెక్కలు తీసేస్తే సన్‌షేడ్ లింటెల్‌తో సహా దొర్లి కింద పడుతుంది. ఇలాంటి ప్రమాదాలు ఎక్కువగా పని జరుగుతుండగానే జరగడానికి కారణం ఇదే. పైన రెండున్నర అడుగుల గోడ కట్టాక ఇంకో 195 కలిసి 245 అవుతుంది. సన్‌షేడ్ నిలుస్తుంది, కానీ ఇద్దరు మనుషులెక్కితే నిలవదు. స్లాబు పడి, దాని సొంత బరువు కూర్చున్నాక మరో 450 వచ్చి దాదాపు 700 దాకా చేరుతుంది. అప్పుడు గానీ ఆ ఇద్దరికీ భరోసా లేదు. కాబట్టి సన్‌షేడ్ కింది సరుగుడు బాదులు తీయడానికి వారమా, రెండు వారాలా అని కాంక్రీటు గట్టిపడే రోజులు మాత్రమే లెక్కపెడితే చాలదు. పైన ఏం కట్టారు అనేదీ చూడాలి.

పిల్లర్లు, బీములున్న ఇళ్లలో ఇంకో చిక్కు. అక్కడ స్లాబు బరువు బీముల మీదుగా పిల్లర్లకు పోతుంది. మధ్యలో నింపిన ఇటుక గోడ మీదికి పెద్దగా రాదు. అంటే సన్‌షేడ్‌ను తొక్కి పట్టే ఆ 450 లేదు. అందుకని లింటెల్‌ను కిటికీ దగ్గరే ఆపకుండా రెండు పక్కలా పిల్లర్ల దాకా సాగదీసి, కడ్డీలను పిల్లర్లలోకి కట్టేయాలి. మెలిక పడకుండా లింటెల్‌కు దగ్గర దగ్గరగా రింగులు వేయాలి. అపార్ట్‌మెంట్లలో పెద్ద సన్‌షేడ్ వేయించుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది.

సన్‌షేడ్ ఇనుము కూడా లింటెల్‌కు వ్యతిరేకం. చాచిన పలక కిందికి వాలేటప్పుడు సాగేది దాని పై భాగం. కాబట్టి కడ్డీలు పైన ఉండాలి. లింటెల్ లోపలి నుంచి వంచి పైకి తీసుకొచ్చిన కడ్డీలు సన్‌షేడ్ పై ఉపరితలానికి దగ్గరగా చివరి దాకా పోవాలి. కట్టినప్పుడు అలాగే కడతారు. కాంక్రీటు పోసేటప్పుడు దాని మీద నడుస్తారు, తట్టలు దింపుతారు. సన్న కడ్డీలు కదా, కిందికి దిగిపోతాయి. గోడ దగ్గర సన్‌షేడ్ మందం 4 అంగుళాలు. అక్కడ కడ్డీ ఒక్క అంగుళం దిగితే బలంలో మూడో వంతు పోయినట్టే. పూర్తిగా అడుగుకు చేరితే అది ఇనుము ఉన్నా లేనట్టు లెక్క. పైకి చూస్తే రెండు సన్‌షేడ్‌లకూ తేడా తెలియదు. పోసే రోజు అక్కడ నిలబడి, కడ్డీల కింద ఆసరా ముక్కలు పెట్టించడం తప్ప తర్వాత చేయగలిగింది తక్కువ.

పగుళ్ల సంగతి. చాలామంది పగులు ఎంత పొడవుందో చూస్తారు. చూడాల్సింది అది ఎక్కడ మొదలై ఎటు పోతోంది, ఏ చివర వెడల్పుగా ఉంది అని. లింటెల్ నడుమ, అడుగు నుంచి పైకి, కింద వెడల్పుగా పైన సన్నగా ఉంటే అది వంగుతున్న లింటెల్. దానితోపాటు పైన గోడలో రెండు పక్కల నుంచి ఏటవాలుగా ఎక్కి మధ్యలో కలిసే పగులు, అంటే తిరగేసిన వి ఆకారం కనిపిస్తే, ఇందాక కాగితం మీద గీసిన త్రిభుజాన్ని గోడే గీసి చూపిస్తోందన్న మాట. కింది ముక్క లింటెల్‌తో దిగిపోయింది, పై గోడ కమాను మీద నిలిచింది. అప్పటికే తలుపు పట్టేస్తుండవచ్చు. లింటెల్ దిగి ద్వారబంధం నెత్తిన కూర్చుంటే చట్రం కూడా వంగుతుంది.

వంపు ఉంది, పగులే లేదు అనే సందర్భమూ ఉంది. లింటెల్ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి పట్టుకుంటే మధ్యలో అరంగుళం దిగినట్టు తెలుస్తుంది. కానీ ఎక్కడా చీలిక ఉండదు. చాలాసార్లు ఇది బరువుతో వచ్చింది కాదు. వదులు మట్టి మీద నిలబెట్టిన బాదులు పచ్చి కాంక్రీటు బరువుకు దిగిపోతే, లింటెల్ పుట్టుకతోనే ఆ వంపుతో గట్టిపడింది. చూడటానికి బాగుండదు గానీ భయం లేదు. పెన్సిలుతో గుర్తు పెట్టి, తేదీ రాసి, ఏడాది గడిచినా కదలకపోతే సున్నం కొట్టి మర్చిపోవచ్చు.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా పోయే పగుళ్లకు లింటెల్‌ను నిందించకూడదు. కన్నమున్న చోట గోడ బలహీనం, మూల దగ్గర ఒత్తిడి పోగవుతుంది. కాబట్టి పునాది కాస్త కదిలినా పగులు బయటపడేది అక్కడే. నల్లరేగడి నేలల్లో కట్టిన ఇళ్లలో ఇవి ఎండాకాలం విచ్చుకుని వానలు పడ్డాక మూసుకుంటాయి, ఎందుకంటే ఆ మట్టి తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. వాటిని ఎండాకాలంలో సిమెంటుతో నింపితే వానాకాలంలో గోడకు మూసుకునే చోటు లేక పక్కన కొత్తగా పగులుతుంది. అసలు పని పునాది దగ్గర, నీళ్లు పోయే దారి దగ్గర ఉంది. లింటెల్ పొడవునా, ఇటుకా కాంక్రీటూ కలిసే గీత వెంట వచ్చే వెంట్రుక పగులు మరీ సాధారణం. ఎండకు రెండూ ఒకే తీరులో సాగవు, అంతే. ప్లాస్టరింగ్ ముందు ఆ అతుకు మీద కోళ్ల మెష్ పరిచి ఉంటే చాలావరకు తప్పేది.

నిజంగా భయపడాల్సిన పగులు మనకు కనపడే చోట ఉండదు. అది సన్‌షేడ్ మీద, గోడకు కలిసే చోట ఉంటుంది. కింద నిలబడినవాడికి దాని అడుగు మాత్రమే కనిపిస్తుంది. పైన వాన నీళ్లు నిలుస్తాయి, రావి మొక్క మొలుస్తుంది, ఏసీ బయటి పెట్టె కూర్చుంటుంది. ఆ సన్నని చీలికలోంచి దిగిన నీరు నేరుగా పై కడ్డీల మీదికే పోతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అది ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది, ఇంకా నీరు దిగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోని ఉప్పు దీన్ని తొందరపెడుతుంది. అడుగున పెచ్చులూడి తుప్పు మరక కనిపిస్తే అందరూ కంగారు పడతారు. కానీ సన్‌షేడ్ నిలిచేది అడుగు ఇనుము మీద కాదు. ఏడాదికోసారి నిచ్చెన వేసి పై అతుకు చూడాలి, అదీ సన్‌షేడ్ మీద కాలు పెట్టకుండా.

బాగుచేయాల్సి వస్తే మొదటి పని సిమెంటు కలపడం కాదు, కింద ఆసరా నిలబెట్టడం. వంగిన లింటెల్ అయితే పక్క గోడ మీద బరువు దిగేలా ఇనుప జాకీలు, దూలాలు పెట్టి, అప్పుడు పాతది తీసి కొత్తది వేయాలి, లేదా దాని కింద ఇనుప చానల్ దూర్చి రెండు పక్కలా గోడ మీద ఆనించాలి. సన్‌షేడ్ పై చీలిక వెంట్రుకంతే ఉండి, తుప్పు మరక లేకపోతే, చీలికను ఎపాక్సీతో నింపి, గోడలోకి నాలుగంగుళాలు ఎక్కేలా వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు బయటికి జారేలా వాలు ఇస్తే సరిపోతుంది. చీలిక దగ్గర కాస్త చెక్కి చూసినప్పుడు పై కడ్డీ సగం తినేసి కనిపిస్తే మాత్రం ప్లాస్టరింగ్‌తో పని జరగదు. ఆ సన్‌షేడ్‌ను గోడ అంచు దాకా కోసేసి, లింటెల్‌ను అలాగే ఉంచి, దాని బదులు గోడకు బోల్టులతో బిగించిన తేలికపాటి రేకు వేసుకోవడమే మంచిది. కోసేటప్పుడు కూడా ముందు కింద బాదులు ఉండాలి, కింద వీధిలో మనుషులు ఉండకూడదు.